మినిట్స్‌లో రాయబోయే వాక్యం నుంచి మీటింగ్ మెయిల్ రాయడం ఎలా?

విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో ఆఫీసు వ్యవహారాలు చూసే రోజుల్లో నేను పంపిన ఒక మెయిల్ ఇది.

"అందరికీ నమస్కారం. కోల్డ్ స్టోరేజీ జనరేటర్ విషయం చర్చించడానికి శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు సిరిపురం ఆఫీసులో మీటింగ్ ఉంటుంది. అందరూ తప్పక హాజరు కావలసిందిగా కోరుతున్నాను."

మర్యాదకు లోటు లేదు. రోజు, వేళ, చోటు అన్నీ ఉన్నాయి. తొమ్మిది మంది వచ్చారు. గంటన్నర కూర్చున్నాం, రెండుసార్లు టీ తాగాం, ఒకసారి పునుగులు తెప్పించాం. మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి పాత జనరేటర్ చరిత్రంతా మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. కొటేషన్లు ఏవని అకౌంట్స్ ఆయన అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది శ్రావణ శుక్రవారమని నాకు తట్టనే లేదు. క్వాలిటీ చూసే మేడమ్ సగంలోనే లేచి ఇంటికి వెళ్లవలసి వచ్చింది. డబ్బు మంజూరు చేయవలసిన ఎండీ గారు ఆ రోజు హైదరాబాదులో ఉన్నారు. చివరికి "వచ్చే వారం మళ్లీ కూర్చుందాం" అనుకుని లేచాం. ఆ వచ్చే వారం రానే లేదు.

మరుసటి ఏడాది అదే విషయం మీద మళ్లీ మీటింగ్ పెట్టాను. ఈసారి ఆరుగురం నలభై అయిదు నిమిషాలు కూర్చుని తేల్చుకుని లేచాం. మనుషులు వాళ్లే, మారింది మెయిల్. అది ఎలా తయారైందో వరసగా చెబుతాను. తేదీలను, రూపాయల లెక్కలను ఉదాహరణ కోసం కొంత మార్చాను.

ముందు సంగతి ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. గడ్డకట్టించిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకన్నా చల్లగా ఉంచాలి. కరెంటు పోతే గది నెమ్మదిగా వేడెక్కుతుంది. మామూలు రోజుల్లో కోత గంటో రెండు గంటలో ఉంటుంది, పెద్ద బెంగ లేదు. మా తీరానికి అసలు భయం అక్టోబరు, నవంబరు నెలల తుపానులతోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉండిపోయింది. మా దగ్గర ఉన్న జనరేటర్ ఒక్కటే, అదీ పాతది. కొత్తది కొనాలా, అక్టోబరు నుంచి మూడు నెలలకు అద్దెకు తెచ్చుకోవాలా, ఉన్నదానికే ఓవర్‌హాల్ చేయించాలా అన్నది ప్రశ్న.

మొదట మినిట్స్ వాక్యం రాయండి

మెయిల్ తెరవకండి. ఒక కాగితం తీసుకుని, మీటింగ్ అయిపోయిన సాయంత్రం మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో తేలినవి రాసి ఉంచే కాగితంలో, ఏ వాక్యం రాయాలనుకుంటున్నారో అది ఇప్పుడే రాయండి. మీకు తెలియని చోట గీత పెట్టి వదిలేయండి. నేను రాసుకున్నది ఇది:

"తుపానుల కాలంలో కోల్డ్ స్టోరేజీ కోసం జనరేటర్‌ను ________ (కొనాలని / అద్దెకు తీసుకోవాలని / ఓవర్‌హాల్ చేయించాలని), ఖర్చు రూ. ________ మించకూడదని, సెప్టెంబరు 25లోగా పని పూర్తి చేయించే బాధ్యత ________ గారిదని నిర్ణయించారు."

మూడు ఖాళీలు వచ్చాయి. మీటింగ్ పని ఆ మూడూ నింపడమే. అజెండా, ఎవరిని పిలవాలి, ఎవరు ఏం తెచ్చుకోవాలి అన్నవన్నీ ఈ ఖాళీల నుంచే పుడతాయి. కాబట్టి ఇక్కడ పావుగంట పట్టినా తొందరపడకండి.

వాక్యం రాస్తున్నప్పుడు క్రియాపదం మీద ఒక కన్ను వేసి ఉంచండి. చర్చించడం, సమీక్షించడం, పరిశీలించడం, దృష్టికి తేవడం అనేవి మన ఆఫీసు తెలుగులో చాలా ఇష్టంగా వాడే మాటలు. వీటితో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఎంతసేపు చర్చించినా చర్చించినట్టే అవుతుంది. నా మొదటి మెయిల్లో "చర్చించడానికి" అని రాశాను. మేము చర్చించాం కూడా. ఆ లెక్కన మీటింగ్ విజయవంతమైనట్టే! ఎంచుకోవడం, ఆమోదించడం, వద్దనడం, మొత్తం ఖరారు చేయడం, ఒకరికి అప్పగించడం వంటివైతే జరిగిందో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది.

ఒక్కోసారి ఈ వాక్యం రాయడానికి కూర్చుంటే రాయలేకపోతాం. ఏయే దారులు ఉన్నాయో కూడా తెలియదు. అలాంటప్పుడు మీటింగ్‌కు ఇంకా వేళ కాలేదు, ముందు ఇద్దరు ముగ్గురితో ఫోనులో మాట్లాడి దారులేమిటో తెలుసుకోండి. ఒక్కోసారి ఖాళీయే మిగలదు. ఎండీ గారు ఫలానాది కొనాలని ముందే అనుకున్నారు, మిగతావాళ్లతో తల ఊపించడమే తరువాయి. అప్పుడు జరిగిన నిర్ణయాన్ని మెయిల్లో తెలియజేస్తే చాలు. వాక్యం పొడుగై, జనరేటర్‌తో పాటు లారీల అద్దె కూడా అందులోకి వచ్చి చేరితే అవి రెండు మీటింగులని అర్థం.

కొత్త ఆలోచనల కోసమో, జరిగిన ప్రమాదం గురించి మాట్లాడుకోవడానికో కూర్చునే సమావేశాలకు ఈ పద్ధతి నప్పదు. అక్కడ ముందే వాక్యం రాసుకుంటే మాట్లాడేవాళ్ల నోరు కట్టేసినట్టు అవుతుంది.

ఖాళీకి ఒకరు చొప్పున పిలవండి

ఇప్పుడు ఒక్కో ఖాళీ దగ్గర ఆగి, ఇది నింపడానికి ఎవరికి తెలిసిన సంగతి కావాలి, ఎవరి మాట చెల్లాలి అని చూడండి. పాత జనరేటర్ ఇంకా ఎంత బరువు మోయగలదో మెయింటెనెన్స్ వారికి తెలుసు. కరెంటు లేకుండా సరుకు ఎన్ని గంటలు ఆగుతుందో క్వాలిటీ వారికి తెలుసు. ధరలు, సరఫరా గడువులు కొనుగోళ్ల విభాగం చూస్తుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అకౌంట్స్ చెప్పాలి. మంజూరు చేసేది ఎండీ గారు. నాతో కలిపి ఆరుగురం. పోయిన ఏడాది వచ్చిన తొమ్మిది మందిలో నలుగురికి ఏ ఖాళీతోనూ పని లేదు.

ఆ నలుగురిని వదిలేయడం అంత తేలిక కాదని మీకూ తెలుసు. మన ఆఫీసుల్లో మీటింగ్‌కు పిలవకపోవడమంటే పెళ్లికి పిలవకపోవడం లాంటిదే. అలాగని వాళ్ల పేర్లు `Cc` లో పెట్టకండి. మెయిల్ అందిన మనిషి వస్తారు, వచ్చిన మనిషి ఊరికే కూర్చోరు. వాళ్లకు విడిగా రెండు వాక్యాలు రాయండి: "జనరేటర్ విషయం గురువారం తేలుస్తున్నాం. నిర్ణయం ఆ సాయంత్రమే మీకు పంపుతాను. ముందుగా చెప్పవలసినది ఏదైనా ఉంటే సోమవారంలోగా నాకు రాయండి." నేను ఇలా రాస్తే షిప్పింగ్ చూసే ఆయన సోమవారం ఒక మంచి మాట రాశారు. నవంబరు మొదటి వారంలో వెళ్లవలసిన సరుకు ఎక్కువగా ఉంది, కాబట్టి ఆ సమయానికి స్టోరేజీ నిండుగా ఉంటుందని. ఆయన గదిలో కూర్చోకపోయినా ఆ మాట మీటింగ్‌లోకి వచ్చింది.

నిర్ణయం ఎవరిదన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అందరూ ఒప్పుకోవాలా, ఎక్కువమంది మాట చెల్లుతుందా, అందరి అభిప్రాయం విని ఒకరు నిర్ణయిస్తారా? మా విషయంలో మూడోదే. అది మెయిల్లో రాసేస్తే మిగతావాళ్లకు తమ పాత్ర ఏమిటో తెలుస్తుంది, వాదన గెలుపోటముల వైపు మళ్లదు. ఆ ఒక్కరూ రాలేని రోజు మీటింగ్ పెట్టకండి. అందుకే తేదీ ఖరారు చేయడానికి ముందు మొదటి ఫోను ఎండీ గారికి చేశాను.

తేదీని వెనక నుంచి లెక్కించండి

పని సెప్టెంబరు 25కి పూర్తి కావాలి. కొత్త జనరేటర్ రావడానికి ఐదు వారాలు, దిమ్మె కట్టి బిగించి కనెక్షన్ ఇవ్వడానికి ఒక వారం పడుతుందని సరఫరాదారు చెప్పారు. సెప్టెంబరు 25 నుంచి ఆరు వారాలు వెనక్కి వెళితే ఆగస్టు 14. ఆ రోజు ఆర్డరు వెళ్లాలంటే ముందు రోజు, అంటే గురువారం ఆగస్టు 13న తేలాలి. ఈ లెక్క మెయిల్లో ఒక వాక్యంగా పెట్టండి. "అత్యవసరం" అని ఎన్నిసార్లు రాసినా రాని కదలిక ఆ ఒక్క లెక్కతో వస్తుంది.

వేళ, చోటు కూడా ఆలోచించవలసినవే. మా ఆఫీసు సిరిపురంలో, ప్లాంటు గాజువాక దాటిన తర్వాత. పోయిన ఏడాది అందరినీ సిరిపురం రప్పించాను. వాళ్లలో ఎక్కువమంది పని ప్లాంటులోనే. పైగా జనరేటర్ అక్కడే ఉంది, అనుమానం వస్తే వెళ్లి చూడవచ్చు. అందుకని ఈసారి ప్లాంటులో పెట్టాను. సిరిపురం నుంచి వచ్చే ఇద్దరం ఎన్ఏడీ కూడలి, గాజువాకల దగ్గర ఉదయపు రద్దీలో చిక్కుకోకుండా 11 గంటలకు పెట్టుకున్నాం. ఇక శ్రావణ శుక్రవారాల జోలికి పోలేదు.

అజెండాలో ప్రశ్నలు రాయండి

"1. జనరేటర్ ప్రస్తుత స్థితి. 2. ప్రత్యామ్నాయాలు. 3. ఆర్థిక అంశాలు. 4. ఇతరములు." ఇలాంటి అజెండాలు మీరు వందలకొద్దీ చూసి ఉంటారు. ఇవి పుస్తకంలో అధ్యాయాల పేర్లలా ఉంటాయి. "ప్రస్తుత స్థితి" అన్నది ఎప్పుడు ముగిసినట్టు? ఎవరికీ తెలియదు. అదే "ఓవర్‌హాల్ చేయిస్తే పాత జనరేటర్ రెండు రోజులు ఆగకుండా నడుస్తుందా?" అని రాస్తే, నడుస్తుందనో నడవదనో జవాబు వచ్చిన క్షణంలో ఆ అంశం అయిపోతుంది.

ప్రశ్నల వరసలో కూడా ఒక తర్కం ఉండాలి. ఏ జవాబు వస్తే తర్వాతి ప్రశ్నలు తగ్గిపోతాయో దాన్ని ముందు పెట్టండి. పాత జనరేటర్‌ను నమ్మలేమని తేలితే మూడు దారుల్లో ఒకటి అక్కడికక్కడే పోతుంది, డబ్బు చర్చ కొనడమా అద్దెనా అన్నంతవరకే మిగులుతుంది. మామూలుగా డబ్బు విషయం ముందుకు వచ్చేస్తుంది, దాని మీదే గంట గడిచిపోతుంది.

ఒక్కో ప్రశ్న పక్కన నిమిషాలు వేయండి. మొత్తంలో చివరి పది నిమిషాలు ఎవరికీ ఇవ్వకండి, అవి వాక్యంలో ఖాళీలు నింపి పైకి చదవడానికి. "ఇతరములు" మాత్రం తీసేయండి. దాని స్థానంలో ఈ మీటింగ్‌లో మాట్లాడని సంగతి ఒకటి పేరుపెట్టి రాయండి. మా విషయంలో అది డీజిల్ నిల్వ. జనరేటర్ మాట ఎత్తగానే హుద్‌హుద్ రోజుల్లో డీజిల్ కోసం పడిన పాట్లు ఎవరో ఒకరు మొదలుపెడతారని నాకు తెలుసు. ముఖ్యమైన సంగతే, అనుమతులతో ముడిపడినది కూడా. కనుక దానికి వేరే రోజు ఇచ్చాను.

తెచ్చుకోవలసినది ఒక్క అంకెగా అడగండి

ఎక్కువ మెయిళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. "సంబంధిత వివరాలతో సిద్ధంగా రాగలరు" అని రాస్తే ఎవరూ సిద్ధం కారు. దీనికి బద్ధకం కారణం కాదు. ఏ వివరాలో, ఎంత లోతుగానో, ఎవరు తేవాలో ఆ వాక్యం చెప్పదు. ఇద్దరు ఒకటే తెస్తారు, ముఖ్యమైనది ఎవరూ తీసుకురారు.

అడిగేటప్పుడు నాలుగు సంగతులు ఉండేలా చూసుకోండి. ఎవరు, ఏ ప్రశ్నకు జవాబు, ఏ రూపంలో, ఎప్పటిలోగా. క్వాలిటీ మేడమ్‌కు మొదట "కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత వివరాలు పంపగలరు" అని రాశాను. పంపబోయే ముందు ఆ వాక్యాన్ని ఆవిడ వైపు నుంచి చదివి చూశాను. ఏడాది పొడుగునా ఉన్న రికార్డులో నుంచి ఏది తీయాలి? నిజానికి నాకు కావలసింది ఒక్కటే అంకె. అందుకని ఇలా మార్చాను: "గత వేసవిలో కరెంటు ఎక్కువసేపు పోయిన రెండు రోజుల రికార్డు చూసి, తలుపులు మూసి ఉంచినప్పుడు లోపలి ఉష్ణోగ్రత మైనస్ 18 దాటి పైకి రావడానికి ఎన్ని గంటలు పట్టిందో రాయండి. అంత సేపు కరెంటు పోని పక్షంలో, పోయినంత సేపట్లో ఎన్ని డిగ్రీలు పెరిగిందో చెప్పినా చాలు."

చివరి వాక్యాన్ని గమనించండి. అడిగిన అంకె దొరకకపోతే ఏం చేయాలో కూడా చెప్పేశాను. ఇది రాయకపోతే "డేటా లేదు" అన్న జవాబు మీటింగ్ రోజు ఉదయం వస్తుంది.

మెయింటెనెన్స్ వారిని అభిప్రాయం అడగలేదు, పరీక్ష అడిగాను. "పాత జనరేటర్‌ను స్టోరేజీ పూర్తి లోడు మీద ఒక గంట నడిపి, ఆగిందా లేదా, ఆగితే ఎన్నో నిమిషంలో ఆగిందో రాయండి." అభిప్రాయం అడిగితే ఆ యంత్రం మీద ఆయనకున్న అభిమానం బయటపడుతుంది. పద్నాలుగేళ్లుగా దాన్ని చూసుకుంటున్న మనిషి, తప్పు పట్టలేం. గంట నడిపి చూస్తే ఆయనకే తెలుస్తుంది, మన ముందు వాదించవలసిన అవసరం ఉండదు.

ఇక ఒకరి పని మరొకరి పని మీద ఆధారపడి ఉంటుంది, అది చూసుకోకపోతే మొత్తం జారిపోతుంది. మొదట అందరికీ మంగళవారం సాయంత్రం అని ఒకే గడువు పెట్టాను. అకౌంట్స్ ఆయన మూడు దారుల ఖర్చు పక్కపక్కన వేయాలంటే కొనుగోళ్ల వారి కొటేషన్లు ఆయనకు ముందే అందాలి కదా! అందుకని కొటేషన్లకు సోమవారం సాయంత్రం, లెక్కలకు మంగళవారం సాయంత్రం అని విడదీశాను. మెయిల్ గురువారం ఆగస్టు 6న వెళ్లింది. అంటే అందరి చేతిలో కనీసం మూడు పనిదినాలు ఉన్నాయి. లోడు పరీక్షకు, సరఫరాదారుల వెంట పడటానికి ఆ మాత్రం కావాలి.

ఒక్కొక్కరికీ అరగంట, గంటకు మించిన పని పెట్టకండి. అంతకన్నా ఎక్కువ పడుతుందంటే మీరు అడుగుతున్నది నివేదిక. దానికి వారం సరిపోదు.

తేలకపోతే ఏం జరుగుతుందో రాయండి

మీటింగ్‌లో "ఇంకొంచెం ఆలోచిద్దాం" అన్నది అందరికీ సుఖమైన మాట. ఆలోచించినన్నాళ్లూ ఎవరి జేబూ కదలదు, ఎవరి మీదా బాధ్యత పడదు. ఆ సుఖం లేకుండా చేయాలంటే, తేలకపోయినా ఒకటి జరిగేలా ముందే చెప్పాలి. నేను ఎండీ గారితో మాట్లాడి, 11:45కి తేలకపోతే మూడు నెలల అద్దెకు ఖాయం చేసుకుంటామని రాశాను. ఆయన ఒప్పుకున్నారన్న సంగతి కూడా రాశాను. పై మనిషి ఒప్పుకోకుండా ఇలాంటి వాక్యం రాయకండి. అది బెదిరింపులా ధ్వనిస్తుంది, మీటింగ్ మొదటి పావుగంటా దాని మీదే నడుస్తుంది. నష్టం తక్కువ, తర్వాత మార్చుకోవడానికి వీలు ఎక్కువ ఉన్న దారినే ఇలా ఎంచుకోండి.

ఇప్పుడు మెయిల్ తెరవండి

సబ్జెక్టులో ముందు "నిర్ణయం" అన్న మాట, తర్వాత విషయం, తర్వాత రోజు ఉండాలి. ఫోనులో సబ్జెక్టు మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. "ముఖ్యమైన సమావేశం గురించి" అని మొదలుపెడితే ఆ కాస్త చోటూ వృథా. మెయిల్ లోపల, చదివేవారు మొదటి తెరమీదే చూడవలసినవి మూడు: ఎప్పుడు, ఎక్కడ, ఏం తేల్చడానికి. తర్వాత ఇప్పుడే ఎందుకో చెప్పండి. ఆ తర్వాత ఎవరు ఏం పంపాలో, అటు తర్వాతే అజెండా. సాధారణంగా అజెండా ముందు పెట్టి, తెచ్చుకోవలసినవి అడుగున పెడతారు. కానీ అజెండాతో పని గురువారం నాడు, పంపవలసినవాటితో పని ఈ రోజే. నేను పంపినది ఇదిగో:

సబ్జెక్టు: నిర్ణయం: కోల్డ్ స్టోరేజీ జనరేటర్ – గురు, ఆగస్టు 13, ఉ. 11:00

అందరికీ నమస్కారం.

గురువారం, ఆగస్టు 13న ఉదయం 11:00 నుంచి 11:45 వరకు ప్లాంటు మీటింగ్ గదిలో కూర్చుందాం. లేచేలోపు తేల్చవలసినది: తుపానుల కాలానికి కోల్డ్ స్టోరేజీకి కొత్త జనరేటర్ కొనాలా, మూడు నెలలకు అద్దెకు తీసుకోవాలా, ఉన్నదానికి ఓవర్‌హాల్ చేయించాలా, ఖర్చు ఎంత మించకూడదు, ఎవరు చూసుకుంటారు. మన అభిప్రాయాలు విని తుది నిర్ణయం ఎండీ గారు తీసుకుంటారు.

కొత్తది రావడానికి ఐదు వారాలు, బిగించడానికి ఒక వారం పడుతుంది. ఆగస్టు 14న ఆర్డరు ఇస్తేనే సెప్టెంబరు 25కి సిద్ధమవుతుంది.

ఈ మెయిల్‌కే జవాబుగా పంపవలసినవి:

కొనుగోళ్లు (సోమవారం సా. 5లోగా): మూడు దారులకూ ఒక్కో కొటేషన్. అద్దెకు ఇచ్చేవారు అక్టోబరు–డిసెంబరుకు యంత్రం ఖాయంగా ఇస్తామని రాతపూర్వకంగా చెప్పాలి.

మెయింటెనెన్స్ (మంగళవారం సా. 5లోగా): పాత జనరేటర్‌ను పూర్తి లోడు మీద గంట నడిపిన ఫలితం, రెండు వాక్యాల్లో.

క్వాలిటీ (మంగళవారం సా. 5లోగా): తలుపులు మూసి ఉంచితే గది మైనస్ 18 దాటి పైకి రావడానికి పట్టే గంటలు. గత వేసవిలో కరెంటు ఎక్కువసేపు పోయిన రెండు రోజుల రికార్డు నుంచి. అంత సేపు పోకపోతే, పోయినంత సేపట్లో పెరిగిన డిగ్రీలు చాలు.

అకౌంట్స్ (మంగళవారం సా. 5లోగా): మూడు దారుల ఖర్చు ఒకే పేజీలో, ఈ ఏడాదికి ఎంత, మొత్తం ఎంత.

ఇవన్నీ కలిపి బుధవారం ఉదయం పంపుతాను. దయచేసి చదివి రండి, గదిలో మళ్లీ చదవం.

11:00 కరెంటు లేకుండా సరుకు ఎన్ని గంటలు ఆగుతుంది? (క్వాలిటీ)
11:05 ఓవర్‌హాల్ చేయిస్తే పాత జనరేటర్ రెండు రోజులు ఆగకుండా నడుస్తుందా? (మెయింటెనెన్స్)
11:20 కొనడమా, అద్దెనా? (కొనుగోళ్లు, అకౌంట్స్)
11:35 నిర్ణయం, మొత్తం, బాధ్యత రాసుకుని చదవడం

11:45కి తేలకపోతే మూడు నెలల అద్దెకు ఖాయం చేసుకుంటాం. ఇందుకు ఎండీ గారు అంగీకరించారు. డీజిల్ నిల్వ గురించి ఈ మీటింగ్‌లో కాకుండా వేరుగా కూర్చుందాం.

రాలేనివారు సోమవారంలోగా చెప్పండి.

అంతే. ఇంకా చిన్నదిగా రాయవచ్చు కదా అని మీరు అనవచ్చు. నాకూ అలాగే అనిపించి రెండుసార్లు కత్తిరించి చూశాను. కత్తిరించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోను చేసి అడగవలసిన సంగతే పోయింది.

క్యాలెండర్లో పెట్టేటప్పుడు

మెయిల్ ఒకచోట, క్యాలెండర్ ఆహ్వానం మరోచోట ఉంటే గురువారం ఉదయం పది మెయిళ్ల కింద నుంచి దీన్ని వెతుక్కోవాలి. మొత్తం పాఠాన్ని క్యాలెండర్ ఆహ్వానంలో వివరణ రాసే చోట కూడా అతికించండి. గూగుల్ క్యాలెండర్ వాడుతుంటే అతిథుల పేర్ల దగ్గర `Invite others` అని ఒక టిక్కు ఉంటుంది. మామూలుగా అది పెట్టే ఉంటుంది, అంటే పిలిచినవాళ్లు ఇంకొకరిని పిలవవచ్చు. ఆరుగురి మీటింగ్ తొమ్మిది మందిదయ్యేది ఆ టిక్కు వల్లనే. తీసేయండి. వేళ మార్చవలసి వస్తే పాత ఆహ్వానాన్నే సవరించండి. కొత్తది పంపితే ఇద్దరు పాత వేళకే వచ్చి కూర్చుంటారు.

పంపిన తర్వాత చూడవలసినది

మెయిల్ పని చేస్తోందా లేదా అన్నది జవాబుల తీరులోనే తెలిసిపోతుంది. "సరే సార్", "వస్తాను" అని మాత్రమే వస్తుంటే వాళ్లు వేళ వరకే చదివారని లెక్క. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే సంతోషించండి, కింది దాకా చదివారు. మెయింటెనెన్స్ ఆయన శుక్రవారమే ఫోను చేసి, "పూర్తి లోడు అంటే రెండు గదులూ కలిపేనా?" అని అడిగారు. నేను రాయవలసిన మాట అది. వెంటనే అందరికీ సవరణ పంపాను.

సోమవారం సాయంత్రం కొటేషన్లు రాకపోతే మళ్లీ మెయిల్ రాయకండి, ఫోను చేయండి. మంగళవారం సాయంత్రానికి ముఖ్యమైన అంకె రాకపోతే బుధవారం మధ్యాహ్నంలోగా మీటింగ్ వాయిదా వేయండి, ఏ అంకె కోసం వేస్తున్నారో రాయండి. మనిషి పేరు రాయనక్కర్లేదు, అందరికీ తెలుస్తుంది. అంకె లేకుండా కూర్చుంటే పునుగుల మీటింగే అవుతుంది. ఒకటే జాగ్రత్త: ముందు చెప్పుకున్న తేదీ లెక్క మీ నెత్తిన ఉంటుంది. రెండు మూడు రోజులకు మించి జరపలేకపోతే, లేని అంకె స్థానంలో అధ్వానమైనదాన్ని అనుకుని నిర్ణయించడమే మేలు.

మా మీటింగ్‌కు ఒక రోజు ముందే సగం తేలిపోయింది. లోడు పరీక్షలో పాత జనరేటర్ నలభయ్యో నిమిషంలో వేడెక్కి ఆగిపోయింది. ఆ రెండు వాక్యాలు పంపినది మెయింటెనెన్స్ ఆయనే. క్వాలిటీ మేడమ్ అంకె పదకొండు గంటలు. తుపాను తర్వాత కరెంటు పదకొండు గంటల్లో వస్తుందని గదిలో ఎవరూ అనలేదు. కొనడానికి ఆ ఏడాది డబ్బు కుదరదని అకౌంట్స్ పేజీలో కనిపిస్తూనే ఉంది. 11:35కి బల్ల మీద కాగితం పెట్టి ఖాళీలు నింపాను. మధ్యాహ్నం భోజనానికి ముందే అదే మెయిల్‌కు జవాబుగా ఆరుగురికీ, విడిగా ఆ నలుగురికీ పంపాను:

"తుపానుల కాలంలో కోల్డ్ స్టోరేజీ కోసం జనరేటర్‌ను అక్టోబరు నుంచి మూడు నెలలకు అద్దెకు తీసుకోవాలని, ఖర్చు రూ. 2,70,000 మించకూడదని, సెప్టెంబరు 25లోగా పని పూర్తి చేయించే బాధ్యత కొనుగోళ్ల ఇన్‌ఛార్జి గారిదని నిర్ణయించారు."